ఒకే స్థాయి పనికి ఇన్ని జీతాలెందుకు?

హైదరాబాద్‌లో నూటయాభై మంది పనిచేసే ఒక రక్తపరీక్షల ల్యాబ్ ఉందనుకుందాం. అక్కడ తొమ్మిదేళ్లుగా ఉన్న సీనియర్ టెక్నీషియన్‌కు నెలకు 33,500 రూపాయలు వస్తున్నాయి. నిరుడు పోటీ ల్యాబ్ నుంచి వచ్చి చేరిన ఇంకో సీనియర్ టెక్నీషియన్‌కు 44,850 వస్తున్నాయి. ఇద్దరివీ అవే మెషీన్లు, అవే షిఫ్టులు. పైగా కొత్తగా వచ్చినతనికి ఇక్కడి పద్ధతులు నేర్పింది ఆవిడే. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? అతనికి పాత చోట 39,000 ఉండేది. హెచ్‌ఆర్ వాళ్లు పే స్లిప్ అడిగి, దాని మీద పదిహేను శాతం వేసి ఆఫర్ లెటర్ ఇచ్చారు. అందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కానీ రేపు ఆవిడ వచ్చి ‘నాకెందుకు తక్కువ?’ అని అడిగితే చెప్పడానికి మేనేజర్ దగ్గర జవాబు లేదు. ‘అతనికి అక్కడ అంత ఉండేది’ అన్నది పాత యజమాని నిర్ణయం. ఈ ల్యాబ్‌లో ఆ పని విలువ ఎంతో అది చెప్పదు.

పే బ్యాండ్ అనేది ఈ ప్రశ్నకు ముందే జవాబు రాసి పెట్టుకునే పద్ధతి. ఒక స్థాయి పనికి కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని గీత గీయడం అందులో సగమే. ఆ రెండు గీతల మధ్య ఎవరు ఎక్కడుండాలో, ఏ కారణంతో ఉండాలో రాసిపెట్టడం మిగతా సగం. చాలా కంపెనీలు మొదటి సగం చేసి ఆగిపోతాయి.

కారణం చెప్పగలగడం ఒట్టి మర్యాద కాదు, చట్టం కూడా అదే అడుగుతుంది. ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి ఆడ, మగ తేడాతో జీతం తగ్గించకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది. ఆ నియమమే ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌లో ఉంది. మెకిన్నన్ మెకెంజీ కంపెనీలో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసిన ఆడ్రే డికోస్టా కేసులో 1987లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జీతాలు నిర్ణయించే ప్రతివాళ్లూ చదవాలంటాను. పెద్ద అధికారుల దగ్గర పనిచేసే మహిళా స్టెనోలది వేరే కోవ అని కంపెనీ వాదించింది. కోర్టు ఆ పేరును పక్కన పెట్టి, వాళ్లు నిజంగా చేసే పని ఏమిటో చూసింది. చిన్న చిన్న తేడాలను లెక్కలోకి తీసుకోనవసరం లేదంది. ఇవ్వడానికి మా దగ్గర డబ్బు లేదన్న వాదన కూడా నిలవలేదు. హోదా పేరు కాకుండా చేసే పనే కొలమానం కావాలన్న ఆ సూత్రమే బ్యాండ్ తయారీలో మొదటి మెట్టు.

మన ల్యాబ్‌కే వద్దాం. సీనియర్ టెక్నీషియన్, స్టోర్స్ ఇన్‌చార్జి, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్. ఈ మూడు ఉద్యోగాలనూ పోల్చడమెలా? పనిని నాలుగు అంశాలుగా విడదీసి ఒక్కోదానికి బరువు ఇద్దాం. చదువు, నైపుణ్యానికి 40. పొరపాటు జరిగితే వచ్చే నష్టానికి, అంటే బాధ్యతకు 30. కిందివాళ్ల పర్యవేక్షణకు 20. పని పరిస్థితులకు 10. ప్రతి ఉద్యోగానికీ ఒక్కో అంశంలో ఒకటి నుంచి అయిదు దాకా మార్కు వేసి, బరువుతో గుణించి కూడాలి. సీనియర్ టెక్నీషియన్‌కు నైపుణ్యంలో 3, బాధ్యతలో 4, పర్యవేక్షణలో 2, రాత్రి షిఫ్టులూ రక్త నమూనాలతో పనీ కాబట్టి పరిస్థితుల్లో 4 వేస్తే మొత్తం 320 వస్తుంది. స్టోర్స్ ఇన్‌చార్జికి వరసగా 2, 4, 3, 3 వేస్తే 290. అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌కు 3, 3, 2, 1 వేస్తే 260.

ఇక్కడ అందరూ ఆశ్చర్యపోయేది స్టోర్స్ దగ్గరే. ‘సామాను చూసుకునేవాడు’ అని తేలిగ్గా తీసేసే ఉద్యోగం అది. కానీ చాలా రియేజెంట్ కిట్లను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్ ఆగిపోయిన సంగతి రాత్రంతా ఎవరూ గమనించకపోతే లక్షల సరుకు పాడవుతుంది. పాడైన కిట్ వాడితే రిపోర్టే తప్పు రావచ్చు. ఆ బాధ్యత కాగితం మీద పెట్టేదాకా ఎవరి కంటికీ ఆనదు. ఈ మార్కులు వేసేటప్పుడు ఆ కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మనిషిని మరిచిపోవాలి. ‘ఆయన చాలా తెలివైనవాడు కదా’ అన్న మాట వచ్చిన చోట ఆపి, ఉద్యోగానికి ఏం కావాలో మళ్లీ అడగాలి. మార్కులు ఒక్కరే వేయకూడదు. వేర్వేరు విభాగాల నుంచి నలుగురైదుగురు విడివిడిగా వేసి, తేడా వచ్చిన చోట కూర్చుని మాట్లాడుకోవాలి.

అన్ని ఉద్యోగాల మార్కులనూ వరసలో పేరిస్తే మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి. స్థాయిల సరిహద్దులు ఆ ఖాళీల్లోనే గీయాలి. ఒకే గుంపులో ఉన్న ఉద్యోగాల మధ్య గీత పెడితే, ఒక్క మార్కు తేడాతో పైకీ కిందికీ పోయేవాళ్ల గొడవ ఎప్పటికీ తెగదు. మన ల్యాబ్‌లో 250 నుంచి 330 వరకు మూడో స్థాయి అనుకుందాం. మూడు ఉద్యోగాలూ అందులోనే పడ్డాయి.

ఇక డబ్బు. ఈ స్థాయి పనులకు బయట ఏమిస్తున్నారో సర్వేలతో కనుక్కుని, వాటి మధ్యస్థాన్ని మిడ్‌పాయింట్‌గా పెట్టుకుంటారు. పోల్చేటప్పుడు సీటీసీలను కాకుండా నెలనెలా ఖాయంగా చేతికొచ్చే భాగాన్నే పోల్చాలి. గ్రాట్యుటీ, బీమా ప్రీమియం, వస్తాయో రావో తెలియని ఇన్సెంటివ్ కలిపి ఒకరు చెప్పిన సీటీసీ, అవేవీ కలపకుండా ఇంకొకరు చెప్పిన సీటీసీ పైకి ఒకలాగే కనిపిస్తాయి. మూడో స్థాయికి మిడ్‌పాయింట్ 40,000 అని తేలిందనుకుందాం. దానికి ఇరవై శాతం కింద 32,000 కనిష్ఠం, ఇరవై శాతం పైన 48,000 గరిష్ఠం. నాలుగో స్థాయి మిడ్‌పాయింట్‌ను పాతిక శాతం పెంచితే 50,000 అవుతుంది. దాని బ్యాండ్ 40,000 నుంచి 60,000. రెండు బ్యాండ్లూ నలభై, నలభై ఎనిమిది వేల మధ్య ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఇది లోపం కాదు. చేయి తిరిగిన సీనియర్ టెక్నీషియన్‌కు కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్ల కంటే ఎక్కువ రావడానికి అది చోటిస్తుంది. లేకపోతే జీతం పెరగాలంటే సూపర్‌వైజర్ కావడం తప్ప దారి ఉండదు. మంచి టెక్నీషియన్‌ను పోగొట్టుకుని ఇష్టం లేని సూపర్‌వైజర్‌ను తెచ్చుకున్నట్టవుతుంది.

బ్యాండ్ మరీ వెడల్పుగా ఉన్నా పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2006 జనవరి నుంచి అమలైన ఆరో వేతన సంఘం స్కేళ్లలో మొదటి పే బ్యాండ్ 5,200 నుంచి 20,200 దాకా ఉండేది. దాదాపు నాలుగు రెట్లు. ఒకే బ్యాండ్‌లో ఎన్నో హోదాలు ఇమిడిపోవడంతో ఎవరు ఏ స్థాయో చెప్పడానికి గ్రేడ్ పే అని మరో అంకెను తగిలించాల్సి వచ్చింది. ఏడో వేతన సంఘం ఆ రెంటినీ తీసేసి, పద్దెనిమిది లెవెళ్ల పే మ్యాట్రిక్స్ తెచ్చింది. ఆ పట్టికలో తన గడి ఏదో ఏ ఉద్యోగి అయినా వేలు పెట్టి చూపించగలడు. ప్రైవేటు కంపెనీలు ఇందులో నేర్చుకోవాల్సింది ఆ స్పష్టతే. సర్వీసు ఏళ్లను బట్టి గడులు దాటించే పద్ధతి అన్ని చోట్లా సరిపడదు.

మన ల్యాబ్ బ్యాండ్ లోపల స్థానాలను మిడ్‌పాయింట్‌తో కొలుద్దాం. జీతాన్ని మిడ్‌పాయింట్‌తో భాగిస్తే వచ్చేదాన్ని కంపా రేషియో అంటారు. పని ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు 80 నుంచి 90 శాతం మధ్య ఉండాలి. ఎవరి సాయం లేకుండా పూర్తిగా చేసేవాళ్లు 90 నుంచి 105 వరకు. క్లిష్టమైన కేసులు చూస్తూ ఇతరులకు నేర్పేవాళ్లు ఆ పైన. ఈ మూడు మాటలకూ ఆ ఉద్యోగంలో అర్థమేమిటో ఒక పేజీలో రాసి ఉండాలి. ఏ మెషీన్లు నడపగలరు, క్వాలిటీ కంట్రోల్ ఫలితం గీత దాటితే సొంతంగా సరిచేయగలరా, ఎందరికి శిక్షణ ఇచ్చారు, ఇలాంటివి. ఇప్పుడు పట్టీ మళ్లీ చూడండి. నేర్పిన ఆవిడ 84 శాతం దగ్గర, అంటే నేర్చుకునేవాళ్ల వరసలో ఉంది. నేర్చుకున్నతను 112 శాతం దగ్గర ఉన్నాడు. పాత లోపం ఏమిటో ఈ రెండంకెల్లోనే తెలిసిపోయింది.

సరిదిద్దే పనికి డబ్బు కావాలి, వరస కావాలి. ముందుగా కనిష్ఠం కంటే కిందున్నవాళ్లు. స్టోర్స్ ఇన్‌చార్జికి 29,000 వస్తోందనుకుంటే అతణ్ణి వెంటనే 32,000కి తేవాలి. తర్వాత ఆవిడ. ఈ ఏప్రిల్‌లో 38,500, వచ్చే ఏప్రిల్‌లో 43,000 దాటేలా రెండు మెట్లలో పెంచవచ్చు. ఆ మాట ఆవిడకు ఇప్పుడే, కాగితం మీద చెప్పాలి. చెప్పకుండా దాచిపెడితే రెండో మెట్టు వచ్చేలోపు ఆవిడ వేరే ల్యాబ్‌లో చేరిపోతుంది. కొత్తతని జీతం తగ్గించకూడదు. అతను నేర్పే స్థాయికి ఎదిగేదాకా పెంపు నెమ్మదిగా ఉంటుందని అతనికీ చెప్పాలి. ఇక అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ 51,000తో గరిష్ఠం దాటి ఉన్నారనుకుందాం. వాళ్లకూ కోత పెట్టరు. నెల జీతం అక్కడే ఆపి, మంచి పనికి ఏడాదికోసారి విడిగా కొంత మొత్తం ఇస్తారు. మార్కెట్‌ను బట్టి బ్యాండ్‌ను ఏటా అయిదు శాతం జరిపితే 48,000 గరిష్ఠం మొదటి ఏడాది 50,400, రెండో ఏడాది 52,920 అవుతుంది. అప్పటికి ఆ జీతం బ్యాండ్ లోపలికి వచ్చేస్తుంది.

అన్నిటికంటే కష్టమైన మార్పు ఆఫర్ లెటర్ దగ్గర. ‘పాత ప్యాకేజ్ ఎంత?’ అన్న ప్రశ్నతో జీతం నిర్ణయించడం మానేయాలి. కొత్తవాళ్లు ఏ వరసలో పడతారో ఇంటర్వ్యూలోనే తేల్చి, ఆ వరసలోని అంకె చెప్పాలి. అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సిన సందర్భాలూ వస్తాయి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ నడిపే మనిషికి ఐటీ కంపెనీలతో పోటీ ఉంటుంది. అలాంటప్పుడు స్థాయిని పెంచకూడదు. పైమొత్తాన్ని మార్కెట్ అలవెన్స్‌గా విడిగా చూపించి, ఏడాది తర్వాత మళ్లీ పరిశీలించే తేదీ వేయాలి. హోదా పెంచి డబ్బిచ్చే అలవాటు ఒకసారి మొదలైతే కింద ఒక్కరూ లేని మేనేజర్లు పుట్టుకొస్తారు. బ్యాండ్ల వ్యవస్థ చెడిపోతోందని చెప్పే మొదటి గుర్తు అదే.

రెండో గుర్తు లెక్కలో దొరుకుతుంది. ఏటా ఇంక్రిమెంట్ల ముందు ప్రతి స్థాయిలోనూ రెండు సగటులు తీయాలి. గత రెండేళ్లలో చేరినవాళ్ల కంపా రేషియో సగటు ఒకటి, అయిదేళ్లు దాటినవాళ్లది ఇంకొకటి. కొత్తవాళ్లది పైనుంటే పాత పద్ధతి దొడ్డిదారిన తిరిగొచ్చినట్టే. అదే లెక్క ఆడవాళ్లకూ మగవాళ్లకూ విడివిడిగా వేయాలి. తేడా కనిపించిన ప్రతి జతకూ ఫైల్లో నైపుణ్యం వరస గాని, తేదీ ఉన్న అలవెన్స్ గాని కారణంగా ఉందేమో వెతకాలి. ఏదీ దొరకకపోతే ఆ తేడా మొత్తాన్ని, మామూలు ఇంక్రిమెంట్ల బడ్జెట్‌తో కలపకుండా, విడిగా పక్కన పెట్టిన సొమ్ములోంచి ఆ ఏప్రిల్‌లోనే సరిచేయాలి.