నామినీ గడిలో ఎవరి పేరు? టర్మ్ పాలసీ అపోహలు – వాస్తవాలు

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు ముందు మూడు మాటలు తెలియాలి. మనం పోతే ఇంటికొచ్చే మొత్తం కవర్. అందుకోసం మనం కట్టేది ప్రీమియం. మన తర్వాత ఆ డబ్బు అందుకోవడానికి మనం పేరు రాసిన మనిషి నామినీ.

అపోహ: బతికుంటే కట్టిందంతా దండగే.
టర్మ్ పాలసీ చవగ్గా దొరికేదే అందుకు. ప్రీమియం వెనక్కిచ్చే రకాలూ ఉన్నాయి, కానీ వాటికి చాలా ఎక్కువ కట్టాలి. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చేది సాధారణంగా వడ్డీ లేని అసలే.

అపోహ: పాతిక లక్షల కవర్ అంటే బోలెడు.
ఇంటి ఖర్చుతో లెక్క వేసి చూడండి. ఊళ్లో అమ్మానాన్నలకు నెలకు 25 వేలు పంపే కుర్రాడున్నాడనుకుందాం. అంటే ఏడాదికి 3 లక్షలు. ఆరు శాతం వడ్డీకి అంత రావాలంటే బ్యాంకులో 50 లక్షలుండాలి. చదువు లోను 8 లక్షలు కలిపితే 58. ధరలు ఏటా పెరుగుతాయి కాబట్టి ముప్పావు కోటి తీసుకుంటే నయం. ఆఫీసువాళ్లిచ్చే ఇన్సూరెన్స్‌ను ఇందులోంచి తీసేయకండి, ఉద్యోగం మారితే అది మామూలుగా అక్కడితో సరి.

అపోహ: సిగరెట్ సంగతి రాయకపోతే ప్రీమియం తగ్గుతుంది, ఎవరికి తెలుస్తుందిలే.
తగ్గుతుంది, నిజమే. పాలసీ మొదలైన మూడేళ్లలోపు దాచిన సంగతి బయటపడితే మాత్రం కంపెనీ క్లెయిమ్ నిరాకరించవచ్చు. ఆ గొడవ పడాల్సింది మీరు కాదు, మీ ఇంట్లోవాళ్లు.

అపోహ: పెళ్లయితే నామినీ భార్యే అవుతుంది.
అవదు. మీరు మార్పించేదాకా కాగితం మీద పాత పేరే ఉంటుంది.

కర్ణాటకలో ఒకాయన పెళ్లికి ముందు పాలసీ తీసుకుని తల్లిని నామినీగా పెట్టారు. తర్వాత పెళ్లయింది, బిడ్డ పుట్టాడు, పేరు మాత్రం మారలేదు. ఆయన పోయాక అత్తాకోడళ్లు కోర్టుకెక్కారు. 2015లో బీమా చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదేనన్నారు. తల్లి వాదన అదే. వారసులు వాటా అడిగితే నామినీ అన్నంత మాత్రాన డబ్బంతా దక్కదని 2025లో ఆ రాష్ట్ర హైకోర్టు తేల్చి, తల్లికి, భార్యకు, బిడ్డకు తలా మూడో వంతు ఇమ్మంది. అన్నిచోట్లా ఇదే తీర్పు వస్తుందన్న భరోసా లేదు. ఇక అన్నదమ్ములో స్నేహితుడో నామినీ అయితే, సొమ్ము అందుకుని వారసులకు అప్పగించడమే వాళ్ల పని.

తప్పించుకునే దారి చిన్నదే. పెళ్లి కాగానే కంపెనీకి నామినీ మార్పు ఫారం ఇవ్వండి. మార్పు నమోదైనట్టు వాళ్లిచ్చే కాగితం పాలసీతో పాటే ఉంచండి. తల్లికీ భార్యకూ ఇద్దరికీ ఇవ్వాలనుంటే ఎవరికెంత శాతమో ఫారంలోనే రాయొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డ పేరు రాస్తే, ఆ వయసు వచ్చేదాకా డబ్బు అందుకునే పెద్ద మనిషి పేరు కూడా రాయాలి. ఆయన్ని అపాయింటీ అంటారు.