మధ్యమం ఎక్కడుందో చేతికి చెప్పాలి

హాఫ్ సైజు వయొలిన్ అంటే పెద్ద వయొలిన్‌లో సగం ఉంటుందని చాలామంది అనుకుంటారు. టేపు పెట్టి చూడండి. పెద్దవాళ్లు వాయించే ఫుల్ సైజులో మెడ కాకుండా ఒక్క పెట్టె పొడవే 14 అంగుళాలు. హాఫ్ సైజులో అది పన్నెండున్నర దాకా ఉంటుంది. ముప్పావు సైజుకి 13 పైచిలుకు, పావు సైజుకి 11. అంటే ఇవన్నీ పేర్లే తప్ప కొలతలు కావు. అందుకే "మా బాబుకి ఎనిమిదేళ్లు, ఏ సైజు ఇమ్మంటారు?" అని దుకాణంలో అడిగితే సరైన జవాబు దొరకదు. చూడాల్సింది వయసు కాదు, చెయ్యి.

నాచారంలో మా మనవరాలు మూడో తరగతిలో వయొలిన్ మొదలుపెట్టింది. ఉప్పల్‌లో ఉండే మా బంధువుల అబ్బాయి అప్పటికే ముప్పావు సైజు వదిలేసి ఫుల్ సైజుకి మారాడు. పాతది అటక మీద ఉంది. "ఎలాగూ పెరిగే పిల్లే కదా నాన్నా, అదే తెచ్చేద్దాం" అంది మా కోడలు. స్కూలు యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించి అంచు మడిచినట్టు వయొలిన్‌ని మడవలేమమ్మా అన్నాను. ముందు చెయ్యి కొలుద్దామన్నాను.

కొలిచే పద్ధతి సులువు. పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి, ఎడమ చెయ్యి భుజం ఎత్తులో పక్కకి చాపమనాలి. అరచెయ్యి పైకి ఉండాలి. మెడ మొదలు నుంచి అరచేతి మధ్యదాకా టేపు పట్టాలి. 23 అంగుళాలు, ఆపైన ఉంటే ఫుల్ సైజు. 22 దగ్గర ముప్పావు, 20 దగ్గర హాఫ్, పద్దెనిమిదిన్నర దగ్గర పావు. రెండింటికీ మధ్యలో ఉంటే చిన్నదే తీసుకోవడం మంచిది. మా పిల్లకి సరిగ్గా 20 వచ్చింది.

కానీ ఈ పట్టిక నిలబడి, గడ్డం కింద వయొలిన్ పట్టుకుని వాయించే పాశ్చాత్య పద్ధతి కోసం తయారైంది. బాలుస్వామి దీక్షితుల కాలంలో ఈ వాద్యం మన సంగీతంలోకి వచ్చాక మనవాళ్లు దాన్ని నేల మీద కూర్చోబెట్టారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి శిష్యులైనా, మన వీధి చివర పాఠం చెప్పే టీచరుగారైనా మఠం వేసుకునే వాయిస్తారు. మెలిచుట్టలా చెక్కిన తలభాగం, అంటే స్క్రోల్, కుడి పాదం మీద ఆనుతుంది. రెండో కొస ఎడమ భుజం, ఛాతీల దగ్గర ఉంటుంది. వాద్యం బరువు పాదం మోస్తుంది కాబట్టి ఎడమ చెయ్యి గమకానికి తీగ మీద స్వేచ్ఛగా జారుతుంది. కాబట్టి మనకి ఇంకో కొలత కూడా ముఖ్యం. అది భుజం నుంచి పాదం దాకా ఉండే దూరం. దాన్ని టేపుతో కాదు, కూర్చోబెట్టే చూడాలి.

ఉప్పల్ నుంచి ముప్పావు వయొలిన్ తెప్పించి పిల్ల ఒళ్లో పెట్టాం. స్క్రోల్ పాదం మీద ఆగలేదు, దాటి ముందుకు పోయింది. దాన్ని పాదం మీదికి తెచ్చుకోడానికి పిల్ల నడుము వెనక్కి వాల్చి, ఎడమ భుజం పైకెత్తింది. మెడ చివర తీగలు మొదలయ్యే చోటికి వేళ్లు చాపేసరికి మోచెయ్యి కర్రలా బిగిసింది. తర్వాత టీచరుగారి దగ్గరున్న హాఫ్ సైజు పెట్టి చూశాం. నడుము నిటారుగా ఉంది. ఎడమ మోచెయ్యి కాస్త వంగి, పట్టు లేకుండా కదిలింది. కమాను కొస దాకా లాగినా అడ్డంగా పోకుండా బ్రిడ్జికి సమాంతరంగానే నడిచింది. అదే ఖాయం చేశాం.

సాధారణంగా ఆ వయసు పిల్లల్లో ఈ కొలత ఏడాదికి ఒక అంగుళం అటూ ఇటూ పెరుగుతుంది. హాఫ్‌కీ ముప్పావుకీ మధ్య తేడా 2 అంగుళాలు కాబట్టి ఒక సైజు రెండేళ్ల దాకా నడుస్తుందని లెక్క వేసుకోవచ్చు. మార్చే వేళ వచ్చిందని మాత్రం వేళ్లే చెబుతాయి. హాఫ్ సైజు తీగ మోగే పొడవు సుమారు 285 మిల్లీమీటర్లు. మెడ చివర దగ్గర ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య 16 మిల్లీమీటర్లే చోటు ఉంటుంది, పైకి పోయేకొద్దీ అదీ తగ్గుతుంది. వేలికొసలు లావెక్కాక రెండు వేళ్లు పక్కపక్కన పట్టవు. ఒకటి ఎత్తితేగాని రెండోది పెట్టలేరు. స్క్రోల్ పాదానికి అందక పిల్ల ముందుకి వంగడం రెండో గుర్తు. అపస్వరం ఒక్కటే వస్తుంటే మాత్రం సైజుని అనుమానించకండి. బిరడాలు జారుతున్నాయేమో, బ్రిడ్జి వాలిపోయిందేమో ముందు చూడండి. మన హైదరాబాద్ ఎండాకాలంలో చెక్క ఎండి బిరడాలు వదులవుతాయి.

సైజు మారాక వచ్చే ఇబ్బంది గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మా పిల్ల ముప్పావుకి మారిన మొదటి వారం శుద్ధ మధ్యమం ప్రతిసారీ కిందికి పలికింది. "తాతయ్యా, కొత్త వయొలినే బాగాలేదు" అని ఏడుపు మొహం పెట్టింది. లెక్క చూడండి. తీగ ఎంత పొడవున్నా, మెడ చివర నుంచి నాలుగో వంతు దగ్గర నొక్కితే మిగిలిన మూడు వంతులు మధ్యమం పలుకుతాయి. హాఫ్ సైజులో ఆ నాలుగో వంతు 71 మిల్లీమీటర్లు. ముప్పావు తీగ సుమారు 308, దాని నాలుగో వంతు 77. చేతికి మాత్రం 71 అలవాటైంది. ఆ 6 మిల్లీమీటర్ల తేడాకే స్వరం ఒక స్వరస్థానంలో దాదాపు సగం మేర దిగిపోతుంది. పిల్ల చెవి బాగానే ఉంది, చెయ్యే పాత ఇంటి అడ్రసుకి పోతోంది.

దీనికి ఒక చిన్న ప్రయోగం చేయించాను. వయొలిన్ తీగలు మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం వరసలో ఉంటాయి కదా. మంద్ర పంచమం తీగని నాలుగో వంతు దగ్గర నొక్కితే పలికేది పక్క తీగ పలికే మధ్య షడ్జమమే. పక్క తీగ నడుమ చిన్న కాగితం ముక్కని మడిచి గుర్రం ఎక్కించినట్టు పెట్టాం. పంచమం తీగ మీద కమాను లాగుతూ వేలు మెల్లగా జరపమన్నాను. వేలు సరైన చోటికి వచ్చేసరికి, కమాను తాకని పక్క తీగ దానంతటదే ఊగి, కాగితం వణికి ఎగిరి పడింది. కంపనాల సంఖ్య కలిసినప్పుడే ఆ తీగ స్పందిస్తుంది. రోజూ పాఠానికి ముందు ఈ ఆట ఆడుతూ, తంబూరా పెట్టుకుని సరళీ స్వరాలు నెమ్మదిగా వాయిస్తే కొద్దిరోజుల్లో చేతికి కొత్త దూరం పట్టుబడింది.

హాఫ్ సైజుని ఉప్పల్‌లోనే ఇంకో చిన్నారికి ఇచ్చాం. వాళ్లు తీగలు తెగితే ఇంట్లో ఉన్న ఫుల్ సైజు తీగలే వేశారు. తీగలు వదులుగా కొట్టుకుంటూ, కమాను కింద బుసబుసమన్నాయట. అదే తీగని అదే శ్రుతికి బిగించినా, 328 మిల్లీమీటర్ల పొడవు 285కి తగ్గేసరికి బిగువు ముప్పావు వంతుకి పడిపోతుంది. మన శ్రుతి పాశ్చాత్య శ్రుతి కంటే కిందికి ఉంటే ఇంకా పడిపోతుంది. కాబట్టి చిన్న వయొలిన్‌కి ఆ సైజు తీగలే కొనాలి. శ్రుతి కూడా టీచరుగారిని అడిగి కాస్త ఎత్తులో పెట్టించుకోవాలి. దుకాణంలో పొట్లం మీద 1/2 అని ఉందో లేదో చూసి మరీ డబ్బులివ్వండి.