ఇల్లు మీకు ఎంత పడింది?

ఫ్లాటు అమ్మి ఆడిటరు దగ్గరికి వెళ్తే ఆయన ముందుగా రెండు ప్రశ్నలు వేస్తాడు. ఎంతకు అమ్మారు? మీకు ఎంత పడింది? మొదటి ప్రశ్నకు జవాబు నోటి చివరే ఉంటుంది. రెండో దానికి చాలామంది దస్తావేజులో రాసిన ధర చెప్పి ఊరుకుంటారు. పన్ను పెరిగేదీ తగ్గేదీ మాత్రం ఎక్కువగా ఈ రెండో జవాబు మీదే.

ఆస్తి అమ్మినప్పుడు ఆదాయపు పన్ను పడేది అమ్మిన ధర మీద కాదు, వచ్చిన లాభం మీద. అమ్మకపు ధరలోంచి ఆ ఆస్తి మీద మనం పెట్టిన సొమ్ము తీసేస్తే మిగిలేదే లాభం. అలా పెట్టిన సొమ్ము మొత్తాన్ని అమెరికాలో కాస్ట్ బేసిస్ అంటారు. మన చట్టంలో దానికి రెండు భాగాలున్నాయి. ఆస్తిని సంపాదించడానికి అయిన ఖర్చు ఒకటి, తర్వాత దాన్ని మెరుగుపరచడానికి అయిన ఖర్చు రెండోది. యజమానికి ఇచ్చిన ధరతో పాటు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, దళారికి ఇచ్చిన కమీషన్, దస్తావేజు రాయించిన ఖర్చు మొదటి భాగంలోకి వస్తాయి. బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొన్నవారైతే కారు పార్కింగుకు కట్టిన డబ్బు, అప్పట్లో కట్టిన సర్వీస్ ట్యాక్సు, వ్యాట్ లేదా ఈ మధ్య కొన్నవారు కట్టిన జీఎస్టీ కూడా ఇందులోవే. ఇవన్నీ కొన్న రోజున జేబులోంచి పోయిన డబ్బులే కాబట్టి లెక్కలో ఉండాలి.

ఇవి కలిస్తే ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులో ఉంటున్న ఒక ఉద్యోగి 2012-13లో ఒక పాత ఫ్లాటును 40 లక్షలకు కొన్నాడనుకుందాం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 2 లక్షల 40 వేలు, దళారికి 40 వేలు, వకీలుకూ దస్తావేజు రాతకూ 20 వేలు అయ్యాయి. అంటే ఫ్లాటు చేతికొచ్చేసరికి ఆయనకు పడింది 43 లక్షలు. 2016-17లో పాత మొజాయిక్ తీయించి గ్రానైట్ పరిపించాడు, వైరింగ్ అంతా కొత్తది వేయించాడు, వంటింటి గట్టు మార్పించి గోడల్లో అల్మరాలు కట్టించాడు. దానికి 6 లక్షల 60 వేలు. 2025-26లో ఫ్లాటును 95 లక్షలకు అమ్మి, అమ్మిపెట్టిన దళారికి లక్ష ఇచ్చాడు.

దస్తావేజు ధర ఒక్కటే చూస్తే లాభం 55 లక్షలు. అన్నీ కలిపి చూస్తే, అమ్మకపు ధరలోంచి అమ్మడానికైన లక్ష పోను 94 లక్షలు. అందులోంచి 43 లక్షలు, 6 లక్షల 60 వేలు తీసేస్తే లాభం 44 లక్షల 40 వేలు. రెండేళ్లకు మించి ఉంచుకుని అమ్మిన స్థిరాస్తి లాభం దీర్ఘకాలికం కింద లెక్క. దాని మీద పన్ను 12.5 శాతం. మొదటి లెక్కన 6 లక్షల 87 వేల 500, రెండో లెక్కన 5 లక్షల 55 వేలు. లక్షా ముప్పై వేల పైచిలుకు తేడా.

కథ ఇక్కడితో అయిపోలేదు. 2024 జులై 23 నుంచి చట్టం మారింది. అంతకుముందు దీర్ఘకాలిక లాభం మీద 20 శాతం పన్ను ఉండేది కానీ, కొన్న ఖర్చును ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి చూపించుకునే వీలుండేది. దాన్నే ఇండెక్సేషన్ అంటారు. కొత్త చట్టం ఆ వీలు తీసేసి పన్ను రేటును 12.5కి దించింది. దాని మీద గొడవ లేచాక ప్రభుత్వం కొంత సర్దుబాటు చేసింది. ఆ తేదీకి ముందు కొన్న భూమి, ఇల్లు అయితే, అమ్మేవాళ్లు మన దేశంలో నివసించే వ్యక్తులో హిందూ ఉమ్మడి కుటుంబమో అయితే, రెండు పద్ధతుల్లోనూ పన్ను లెక్కగట్టి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ కొన్న ఆస్తికి మాత్రం ఇండెక్సేషన్ లేదు.

మన ఉద్యోగి 2012-13లో కొన్నాడు కాబట్టి ఆయనకు రెండు దారులూ ఉన్నాయి. ప్రభుత్వం ఏటా ప్రకటించే సూచీ 2012-13కి 200, 2016-17కి 264, 2025-26కి 376. కొన్న ఖర్చు 43 లక్షలను 200తో భాగించి 376తో హెచ్చిస్తే 80 లక్షల 84 వేలు. మెరుగులకు పెట్టిన 6 లక్షల 60 వేలను అవి చేయించిన ఏడాది సూచీ 264తో భాగించి 376తో హెచ్చిస్తే 9 లక్షల 40 వేలు. రెండూ కలిపి 90 లక్షల 24 వేలు. 94 లక్షల్లోంచి తీసేస్తే లాభం 3 లక్షల 76 వేలే. దాని మీద 20 శాతం అంటే 75 వేల 200.

ఇదే పద్ధతిలో ఒట్టి దస్తావేజు ధర 40 లక్షలే చూపిస్తే అది పెరిగి 75 లక్షల 20 వేలవుతుంది. లాభం 19 లక్షల 80 వేలు, పన్ను 3 లక్షల 96 వేలు. అంటే ఆ పక్క ఖర్చుల కాగితాలు దొరికితే ఒక పన్ను, దొరక్కపోతే మరో పన్ను. మధ్యలో తేడా 3 లక్షల 20 వేల 800. (ఈ అంకెల మీద 4 శాతం సెస్సు వేరుగా ఉంటుంది.) 2012లో కమీషను కింద ఇచ్చిన 40 వేలు ఈ లెక్కలో 75 వేల 200గా నిలబడుతుంది. పాత రసీదుకు వయసు పెరిగేకొద్దీ విలువ పెరుగుతుందన్న మాట.

ఇక అందరికీ తెలిసినా పైకి అనని సంగతి ఒకటుంది. మన దగ్గర చాలా రిజిస్ట్రేషన్లు అసలు ధరకు కాకుండా ప్రభుత్వ విలువకు దగ్గరగా జరిగాయి. మిగతాది నగదు. కొనేవాడు స్టాంపు డ్యూటీ మిగిలిందని సంతోషిస్తాడు. మన ఉదాహరణలోని ఉద్యోగి 40 లక్షలు ఇచ్చి దస్తావేజులో 28 లక్షలే రాయించుకున్నాడనుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చులో అతనికి మిగిలేది 72 వేలు. కానీ పదమూడేళ్ల తర్వాత అమ్మేటప్పుడు అతను రుజువు చూపగలిగే ఖర్చులో 12 లక్షల 72 వేలు కోతపడుతుంది. ఇండెక్సేషన్‌తో అది దాదాపు 23 లక్షల 91 వేల అదనపు లాభంగా తేలి, పన్ను 75 వేల నుంచి 5 లక్షల 53 వేలకు ఎగబాకుతుంది. అప్పుడు నగదు తీసుకున్నవాడు తన లాభం దాచుకున్నాడు. ఆ దాచిన లాభం మీద పన్ను ఇప్పుడు కొన్నవాడి నెత్తిన పడుతోంది. నా మటుకు నాకు, చట్టం సంగతి పక్కన పెట్టి ఒట్టి లాభనష్టాలు చూసుకున్నా ఇది కొనేవాడికి గిట్టని బేరమే.

మెరుగులంటే ఏమిటన్న దగ్గరే ఎక్కువ పేచీలు వస్తాయి. ఇంటికి కొత్తగా ఏదైనా చేరిందా, దాని విలువో వాడకమో శాశ్వతంగా పెరిగిందా అన్నది చూడాలి. పై అంతస్తు వేయడం, బోరు వేయించడం, ప్రహరీ కట్టించడం, లిఫ్టు పెట్టించినప్పుడు మన వాటాగా ఇచ్చినది మెరుగులే. ఏటా సున్నం, రంగులు, కారుతున్న పైపు బాగుచేయించడం, పగిలిన టైలు మార్పించడం ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టే మరమ్మతులు. అవి లెక్కలోకి రావు. ఇంటి పన్ను, అపార్టుమెంటు మెయింటెనెన్సు కూడా అంతే. సోఫా, ఫ్రిజ్, ఏసీ ఇంటితో పాటు అమ్మినా ఇంటి ఖర్చు కింద చూపడం కుదరదు. గోడకు బిగించిన చెక్క పని మధ్యస్థంగా ఉంటుంది. విడదీస్తే పాడయ్యేదని, ఇంటిలో భాగమని బిల్లుతో చూపిస్తే నిలబడే అవకాశం ఎక్కువ. బిల్లు లేకుండా వడ్రంగికి చేతికిచ్చిన డబ్బును అధికారి ఒప్పుకోవడం కష్టం.

హోమ్ లోన్ వడ్డీ కూడా ఖర్చే కదా అని అడుగుతారు. ఒకప్పుడు కొందరు దాన్ని ఏటా రిటర్నులో తగ్గింపుగా చూపి, అమ్మేటప్పుడు మళ్లీ కొన్న ఖర్చులోనూ కలిపేవారు. 2023 ఫైనాన్స్ చట్టం ఆ తలుపు మూసేసింది. ఒకసారి తగ్గింపు పొందిన వడ్డీని ఖర్చులో చేర్చకూడదు.

నాన్న ఇచ్చిన ఇల్లయితే? వారసత్వంగా వచ్చినా, వీలునామాతో వచ్చినా, గిఫ్టు డీడుతో వచ్చినా మనం రూపాయి పెట్టలేదు గనుక ఖర్చు సున్నా అనుకోనక్కర్లేదు. నాన్నకు ఎంత పడిందో అదే మనకు పడినట్టు. ఆయన ఉంచుకున్న కాలమూ మన కాలంలో కలుస్తుంది. ఇల్లు 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే, అప్పటి అసలు ఖర్చు బదులు ఆ తేదీ నాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. 1978లో 30 వేలకు కొన్న ఇంటికి ఇదెంత తేడానో చెప్పనక్కర్లేదు. కాకపోతే ఆ విలువ, అదే తేదీకి స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టిన విలువను మించకూడదు. అందుకే వాల్యుయర్ నివేదికతో పాటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి 2001 నాటి మార్కెట్ విలువ ధ్రువపత్రం కూడా తీసుకోవాలి. 2001కి ముందు ఆ ఇంటికి చేయించిన మెరుగులు విడిగా లెక్కలోకి రావు.

అమ్మకపు ధర వైపు కూడా ఒక మెలిక ఉంది. మీరు అమ్మిన ధర కన్నా ప్రభుత్వ విలువ పది శాతానికి మించి ఎక్కువగా ఉంటే ఆ ప్రభుత్వ విలువకే అమ్మినట్టు లెక్కిస్తారు.

విదేశాల్లో ఉంటూ ఇక్కడి ఫ్లాటు అమ్మేవారు ప్రత్యేకంగా గమనించాల్సింది ఒకటుంది. రెండు పద్ధతుల్లో తక్కువది ఎంచుకునే వెసులుబాటు ఎన్నారైలకు లేదు. ఇదే ఫ్లాటును డాలస్‌లో ఉంటున్న కూతురు అమ్మితే 44 లక్షల 40 వేల మీద 12.5 శాతం, అంటే 5 లక్షల 55 వేలు కట్టాలి. పైగా ఎన్నారై దగ్గర కొనేవాళ్లు మామూలుగా మొత్తం అమ్మకపు ధర మీద టీడీఎస్ పట్టుకుంటారు, లాభం మీద కాదు. దాన్ని తగ్గించుకోవాలంటే అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు చేసి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఆ దరఖాస్తుతో పాటు కొన్నప్పటి దస్తావేజు, కమీషను రసీదు, గ్రానైటు బిల్లు, వాటికి డబ్బు వెళ్లినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయాలి. చాలా ఏళ్ల కిందటి స్టేట్‌మెంటు బ్యాంకులో తొందరగా దొరకదు కాబట్టి, బేరం కుదిరాక కాకుండా అమ్మాలన్న ఆలోచన వచ్చినప్పుడే అడిగి పెట్టుకోవాలి.