ఏ కన్ను ఏ ఫోటోది?

1970లలో నడివయసులో ఉన్న మనిషికి మన ఇళ్లలో మిగిలే ఫోటోలు మహా అయితే మూడో నాలుగో. భార్యాభర్తలు స్టూడియోలో కుర్చీలు వేసుకుని తీయించుకున్నది ఒకటి, ఏదో దరఖాస్తు కోసం తీయించిన పాస్‌పోర్టు సైజుది ఒకటి, బంధువుల పెళ్లిలో రెండో వరసలో నిలబడ్డ గ్రూపు ఫోటో ఒకటి. వీటిలో ఏ ఒక్కటీ పటం కట్టించడానికి పనికిరాదు. ఒకదానికి బూజు, ఒకదానికి రబ్బరు స్టాంపు, ఇంకోదానిలో ముఖం శనగగింజంత. సంవత్సరీకం దగ్గరపడుతుంటే ఇంటివాళ్లు అన్నీ ఒక కవరులో పెట్టి స్టూడియోకి తెస్తారు: "వీటిలోంచి ఒక మంచి ఫోటో చేసి పెట్టండి."

ఆ మాట చెప్పినంత తేలిక కాదు ఆ పని. ఒక అమ్మమ్మగారి పటాన్నే తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. ఆవిడ నేను ఊహించుకున్న మనిషే. కానీ ఆవిడ ఫోటోలకు పట్టిన తెగుళ్లు మాత్రం ఈ పని చేసేవాళ్లకు బాగా తెలిసినవే.

ఆవిడవి నాలుగు ఫోటోలు దొరికాయనుకుందాం. మొదటిది సుమారు 1972లో భర్తతో తీయించుకున్న స్టూడియో ఫోటో. గోడకు వేలాడినన్నాళ్లూ చెమ్మ తగిలి అద్దానికి అతుక్కుపోయింది. ఆవిడ ఎడమ కన్నూ ఎడమ చెంపా బూజు తినేసింది. రెండోది అదే ఫోటో ఇంకో ప్రతి, కార్డు సైజుది, కూతురి ఇంట్లో దొరికింది. దాని పైభాగం, అంటే నుదురూ కళ్లూ, పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులు కొరికేశాయి. మూడోది సుమారు 1975 నాటి పాస్‌పోర్టు ఫోటో. గడ్డం మీదా మెడ మీదా స్టాంపు ముద్ర పడింది కానీ కళ్లు చెక్కుచెదరలేదు. నాలుగోది 1988లో మనవరాలి పెళ్లి నాటి రంగుల గ్రూపు ఫోటో, మొత్తం ఎర్రబారింది.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఏవి ఒకే క్షణానివి, ఏవి వేర్వేరు రోజులవి? మొదటి రెండూ ఒకే నెగటివ్ నుంచి వేసిన ప్రింట్లు. అవి రెండూ కలిపితే ఏ అబద్ధమూ చేరదు. ఒక ప్రతిలో పోయిన చెంప ఇంకో ప్రతిలో ఉంది, అదే వెలుగులో, అదే చూపుతో. పాస్‌పోర్టు ఫోటోలోంచి కన్ను తెచ్చి పెడితే అలా కాదు. ఆ కన్ను మూడేళ్ల తరవాతది, ఇంకో గదిలోది. అది పెట్టిన క్షణం నుంచీ ఆ పటంలోని చూపు ఆవిడ ఏ రోజూ ఏ కెమెరా ముందూ చూసిన చూపు కాదు. పెట్టకూడదని అనను. పెట్టామని రాయాలంటాను.

ఇక పనిలోకి దిగుదాం. అద్దానికి అతుక్కున్న ఫోటోను బ్లేడుతోనో నీళ్లతోనో ఊడదీయబోతే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. ఫోటో కాగితం మీద బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ చెమ్మకు మెత్తబడి జిగురులా అంటుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. ఫ్రేములోంచి అద్దంతో సహా బయటికి తీసి, రెండు వైపులా వాలుగా రెండు లైట్లు పెట్టి, లెన్సుకు మాత్రం కన్నం ఉంచి కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి ఫోటో తీయాలి. నల్లగుడ్డ లేకపోతే కెమెరా నీడే అద్దంలో కనిపిస్తుంది. అతుక్కున్న చోట బొమ్మ ముదురుగా, అతుక్కోని చోట పాలిపోయినట్టుగా ఉంటుంది. ఆ తేడా మనిషి ఒంటిరంగుది కాదని గుర్తుపెట్టుకుని సరిచేయాలి.

మిగతావి స్కాన్ చేయవచ్చు. చిన్న ఫోటోలకు అంగుళానికి 1200 చుక్కల చొప్పున పెట్టాలి. పాస్‌పోర్టు ఫోటోలో ముఖం సుమారు మూడు సెంటీమీటర్లు ఉంటే స్కాన్‌లో 1400 చుక్కల ఎత్తు వస్తుంది. పెళ్లి ఫోటోలో ముఖం ఎనిమిది మిల్లీమీటర్లే అయితే 380 చుక్కలు మించదు. గోడ మీద పెట్టే ఎనిమిదింటికి పది అంగుళాల పటంలో ముఖం నాలుగు అంగుళాలు ఉంటుందనుకుంటే శుభ్రమైన ప్రింటుకు 1200 చుక్కలు కావాలి. పాస్‌పోర్టు ఫోటో సరిపోతుంది, పెళ్లి ఫోటో సరిపోదు. స్కానర్ మీద అంకె ఇంకా పెంచినా లాభం లేదు. కాగితం మీద లేని వివరాన్ని స్కానర్ పుట్టించలేదు, మసకనే పెద్దది చేసి చూపిస్తుంది. పెద్ద పటమే కావాలని ఇంటివాళ్లు పట్టుబట్టే ముందు ఈ లెక్క వాళ్లకు చూపించాలి. పాత నెగటివ్ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకమనాలి కూడా. ప్రింటు కంటే నెగటివ్‌లో చాలా ఎక్కువ వివరం దాగి ఉంటుంది.

తరవాత ఒక్క ఫోటోను పీటగా ఎంచుకోవాలి. తల వాలు, వెలుగు దిశ, వయసు, బట్టలు అన్నీ దానివే. మిగతావి దానికి అప్పు ఇచ్చేవే. నాలుగింటిలోంచి మంచి కన్ను, మంచి ముక్కు, మంచి నవ్వు ఏరి కలిపితే అందమైన ముఖం వస్తుంది కానీ అది అమ్మమ్మ ముఖం కాదు, ఆవిడ చెల్లెలి ముఖంలా ఉంటుంది. మన కేసులో పీట 1972 ఫోటో. 1988 పెళ్లి ఫోటోలోంచి ఏమీ తీసుకోకూడదు. పదహారేళ్లలో కనురెప్పలు వాలతాయి, దవడ కింద చర్మం జారుతుంది, పళ్లు పోతే పెదవుల ఆకారమే మారిపోతుంది. అయినా ఆ ఫోటో కవరులో ఉండాల్సిందే. పుట్టుమచ్చ ఏ వైపో, చెవి తమ్మె ముఖానికి అతుక్కుని ఉందో వేలాడుతోందో చూసుకోవడానికి అదే సాక్షి.

ఎడమ కన్ను పాడైంది కదా, కుడి కన్ను తీసి అద్దంలోలా తిప్పి పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. చాలాచోట్ల చేసేది కూడా అదే. కానీ ఏ మనిషికీ రెండు వైపులా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ్మ కాస్త పైకి, ఒక రెప్ప కాస్త కిందికి ఉండడం వల్లే మనం మనిషిని గుర్తుపడతాం. తిప్పి పెట్టిన ముఖాన్ని చూసి పిల్లలు "బాగానే ఉంది కానీ అమ్మలా లేదు" అంటారు. ఎందుకో చెప్పలేరు. పాత ఫోటో మొత్తమే తిరగేసి ప్రింటు పడి ఉండవచ్చు కూడా. చీర పైట ఎడమ భుజం మీద ఉందో లేదో, పక్కనున్న మగాయన చొక్కా గుండీలు ఏ వైపున్నాయో చూస్తే అది బయటపడుతుంది.

మొదట రెండో ప్రతిలోంచి చెంపా మెడా తెచ్చి పూర్తిచేస్తాం. ఒకే నెగటివ్ కాబట్టి సైజు కలిపితే గీత గీతకూ కూర్చుంటుంది. అసలు కష్టం కన్నుతోనే. పాస్‌పోర్టు ఫోటోను కంప్యూటర్‌లో పైపొరగా వేసి సగం పారదర్శకం చేయాలి. ఎడమ కన్ను పీటలో లేదు గనక కుడి కన్ను రెండు మూలలు, ముక్కు మొదలు, పెదవుల చివరలు ఒకదానిమీద ఒకటి కూర్చునేలా జరపాలి. తల పక్కకు వాలి ఉంటే తిప్పి సరిచేయవచ్చు. ముఖమే పక్కకు తిరిగి ఉంటే సరిచేయలేం, ఆ కన్ను వదులుకోవాలి. కూర్చుందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. పైపొరను చకచకా ఆపుతూ వేస్తూ చూడాలి. కన్ను శుభ్రపడినట్టు మాత్రమే అనిపిస్తే సరే. మనిషి మారినట్టు అనిపిస్తే ఎక్కడో తప్పింది.

ఆ తరవాత వెలుగు. 1972లో వెలుగు పక్కనుంచి పడింది, పాస్‌పోర్టు ఫోటోలో ఎదురుగా పడింది. కంటిపాప మీద మెరిసే చిన్న తెల్లచుక్క ఆ గుట్టు చెబుతుంది. కుడి కంట్లో ఆ చుక్క పక్కగా పైనా, ఎడమ కంట్లో నట్టనడుమా ఉంటే చూసేవాళ్లకు మెల్లకన్నులా కనిపిస్తుంది. చుక్కను పీట ఫోటోకు తగ్గ చోటికి జరపాలి, కంటి గుంటలో నీడ కాస్త పెంచాలి. అంటే కన్ను ఆకారం పాస్‌పోర్టు ఫోటోది, దాని మీది వెలుగు మన చేతిది. ఇదీ రాసి పెట్టుకోవలసిందే.

ఎడమ చెవి కింది భాగం రెండు ప్రతుల్లోనూ పోయింది, పాస్‌పోర్టు ఫోటోలో కొంగు కింద ఉంది. అది ఏ ఫోటోలోనూ లేదు. దాన్ని నీడలోకి మెత్తగా కలిపేయడం నాకు ఇష్టం. పదునుగా గీసిన చెవి తమ్మె, దానికో దుద్దు, చూసేవాళ్లను నమ్మించేస్తాయి. చీర రంగూ అంతే. నలుపు తెలుపు ఫోటోలో ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ ఒకే బూడిదరంగుగా పడవచ్చు. కూతురికి రంగు గుర్తుంటే కింద రాయొచ్చు, చీర మీద పూయడానికి అది చాలదు.

ఇంటివాళ్లు కొన్ని కోరతారు. ఒళ్లు కాస్త తెల్లగా చేయమంటారు. ఆ కాలపు స్టూడియోలే నెగటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు తుడిచేసి ముఖం నునుపు చేసేవి కాబట్టి మన చేతికొచ్చిన ఫోటోలోనే ఆ దిద్దుడు ఉండవచ్చు, దాని మీద ఇంకా దిద్దడం నాకు మనస్కరించదు. భర్త పోయాక తీసిన ఫోటోలో బొట్టు పెట్టమంటారు. ఆ కోరికలోని ప్రేమ నాకు అర్థమవుతుంది. పెడితే పెట్టండి, "బొట్టు తరవాత చేర్చినది" అన్న మూడు మాటలు పటం వెనక ఉండనివ్వండి.

రాయకపోతే ఏమవుతుందో చెప్పే ప్రసిద్ధ ఫోటో ఒకటి అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. సిటీ పాయింట్ శిబిరం ముందు జనరల్ గ్రాంట్ గుర్రం మీద ఉన్నట్టు కనిపిస్తుంది, పేరు కూడా అదే చెబుతుంది. 1902 ప్రాంతంలో ఎల్.సి. హాండీ అనే ఫోటోగ్రాఫర్ మూడు ఫోటోలు కలిపి దాన్ని చేశాడు. తల మాత్రమే గ్రాంట్‌ది, 1864లో కోల్డ్ హార్బర్‌లో తీసినది. ఒళ్లూ గుర్రమూ మెకుక్ అనే ఇంకో సేనానివి. వెనకున్నది యుద్ధంలో పట్టుబడ్డ శత్రుపక్షపు ఖైదీల గుంపు. ఆ లైబ్రరీవాళ్లు ముక్క ముక్కగా పోల్చి చూశాకే ఈ సంగతి తేలింది. అమ్మమ్మ పటానికి అలాంటి పరిశోధకులు రారు. ముని మనవలకు దొరికేది ఆ ఒక్క పటమే, వాళ్లు దాన్నే "అమ్మమ్మ ఫోటో" అనుకుంటారు.

అందుకే పటం కింద అంచున, సన్నటి అక్షరాల్లో, బొమ్మలోనే భాగంగా ఒక వాక్యం: "పాత ఫోటోల నుంచి కూర్చిన చిత్రం, 2025." ఫైలు లోపల దాచిన వివరం మాత్రమే చాలదు, వాట్సాప్‌లో పంపితే అది ఊడిపోతుంది. పూర్తి సంగతి పటం వెనక అట్ట మీద అతికించిన చీటీలో ఉండాలి. మన అమ్మమ్మగారికి ఇలా రాస్తాను:

"తల, ముఖం, చీర: సుమారు 1972 నాటి దంపతుల స్టూడియో ఫోటో. ఎడమ చెంప, మెడ: అదే నెగటివ్ నుంచి వేసిన ఇంకో ప్రతి. ఎడమ కన్ను: సుమారు 1975 నాటి పాస్‌పోర్టు ఫోటో, దాని మీది వెలుగు మార్చాం. ఎడమ చెవి కింది భాగం ఏ ఫోటోలోనూ లేదు, ఊహించి కలిపాం. పక్కనున్న భర్తను తీసేశాం. వెనక తెర కొత్తది. 1988 నాటి పెళ్లి ఫోటో పోల్చి చూడడానికే వాడాం."

చీటీ పక్కనే పటం నకలు అరచేయంతది ఒకటి అతికించి, అప్పు తెచ్చిన భాగాల చుట్టూ గీత గీస్తే చదవడం రానివాళ్లకూ తెలుస్తుంది. స్కాన్లు దిద్దకముందు ఎలా ఉన్నాయో అలాగే ఒక ఫోల్డర్లో ఉంచి ఇంట్లో కనీసం ఇద్దరికి ఇవ్వాలి. అసలు ఫోటోలను పనయ్యాక పారేయనివ్వకూడదు. అద్దానికి అతుక్కున్న దాన్ని అద్దంతోనే పొడిచోట దాచాలి. కొత్త పటం కట్టించేటప్పుడు ఫోటోకూ అద్దానికీ మధ్య అట్ట అంచు పెట్టించాలి, ఇదైనా అతుక్కోకుండా.