ఫోటో నుంచి సంధ్య, ఇల్లు మాత్రం మీదే

ఇంటి నమూనాను కంప్యూటర్‌లో బొమ్మగా తీర్చే ఆర్కిటెక్ట్‌లకు నచ్చిన ఫోటో ఒకటి ఎదురుగా ఉంటుంది. సూర్యుడు అస్తమించాక తీసినది: నీలి ఆకాశం, కిటికీల్లో పసుపు వెలుగు. కావలసింది ఆ వెలుగే, ఫోటోలోని ఇల్లు కాదు.

అందుకే ముందుగా ఫోటోను ఫోటోషాప్‌లో బాగా మసకబార్చాలి. గోడలు, కిటికీల ఆకారాలు చెరిగిపోయి రంగుల గుంపులే మిగులుతాయి. నీడల్లో ఏ రంగుంది, మధ్యస్థపు వెలుగులో ఏముంది, అతి ప్రకాశమైన చోట ఏముంది అన్న మూడు నమూనాలు తీసుకుంటే చాలు.

తర్వాత చేయాల్సింది రంగులు పూయడం కాదు, వెలుగు మార్చడం. చాలామంది ఇక్కడే పొరబడతారు. మిట్టమధ్యాహ్నపు రెండర్‌పై నీలిపూత పూస్తే సన్‌షేడ్ కింద పదునైన ఎండనీడ అలాగే ఉండిపోయి గుట్టు బయటపెడుతుంది. నమూనాలో సూర్యుణ్ణి దిగంతం కిందికి దించి, ఆకాశపు వెలుగును మాత్రమే ఉంచి, గదుల్లో సుమారు 2700 కెల్విన్ దీపాలు పెట్టాలి. రంగుల సవరణ ఆ తర్వాతే. నీడలను కర్వ్స్‌తో కాస్త నీలం వైపు నెట్టి, దీపాల పసుపును ముట్టుకోకుండా వదిలేయాలి.

ఫోటోషాప్‌లోని Match Color ఆదేశం ఈ పనిని ఒక్క నొక్కుతో చేస్తుంది గానీ, బొమ్మంతటినీ ఒకేలా మారుస్తుంది. Fade విలువ పెంచి దాని ప్రభావాన్ని తగ్గించుకోవచ్చు.

ఫలితం కుదిరిందో లేదో తెల్లగోడ చెబుతుంది. ఆకాశం వైపు నీలంగా, దీపం పక్కన వెచ్చగా కనిపించాలి. రెండు చోట్లా ఒకే రంగుంటే సవరణ ఆపి, మళ్లీ లైటింగ్ దగ్గరికి వెళ్లండి.