బ్యాంకు ఛార్జీలు మారుతున్నాయంటే ముందు చూడాల్సింది తేదీ

2025 ఆగస్టులో ఒక వార్త చాలామందిని కంగారు పెట్టింది. ఐసీఐసీఐ బ్యాంకు నగరాల్లోని సేవింగ్స్ ఖాతాల్లో ఉంచాల్సిన నెలసరి సగటు నిల్వను 10,000 రూపాయల నుంచి 50,000కు పెంచిందన్నది ఆ వార్త. హైదరాబాద్ కూడా ఆ పరిధిలోకే వస్తుంది. ఖాతా మూసేయాలా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలి అని చాలామంది తర్జనభర్జన పడ్డారు. అయితే ఆ పెంపు ఆగస్టు 1 నుంచి కొత్తగా తెరిచే ఖాతాలకే గానీ పాతవాటికి కాదు. విమర్శలు రావడంతో రెండు వారాలు తిరక్కుండానే బ్యాంకు ఆ మొత్తాన్ని 15,000కు తగ్గించింది కూడా.

కంగారు పడినవాళ్లలో చాలామంది పాత ఖాతాదారులే. బ్యాంకు నోటీసులో ముందుగా వెతకాల్సిన రెండు వివరాలు వాళ్లకు అందలేదు. ఈ మార్పు ఎవరికి? ఎప్పటి నుంచి? ఈ రెండూ తెలిస్తే సగం నోటీసులను పక్కన పెట్టేయవచ్చు. మిగతా సగంలో మాత్రం ఆ తేదీలోగా మనం చేయాల్సిన పని ఏదో ఒకటి ఉంటుంది.

నెల రోజుల గడువు దేనికి?

సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వనో, అది తగ్గితే వేసే ఛార్జీనో మార్చాలంటే బ్యాంకు కనీసం నెల ముందు ఖాతాదారుకు చెప్పాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. క్రెడిట్ కార్డుకూ ఇలాంటిదే ఉంది. వడ్డీ కాకుండా మిగతా ఛార్జీలు ఏవి మార్చినా కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలి, కొత్త ఛార్జీ ఆ తర్వాతి కాలానికే వర్తించాలి.

ఆ నెల ఇచ్చింది మనం ఒక నిర్ణయానికి రావడానికి. కొత్త షరతుకు తగ్గట్టు ఖాతా వాడకం మార్చుకోవచ్చు, వేరే రకం ఖాతాకు మారవచ్చు, లేదా ఖాతాను వదులుకోవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఖాతా తెరిచేటప్పుడు మనం సంతకం పెట్టిన షరతుల్లో, మార్పు తర్వాత కూడా సేవలు వాడుకుంటే దానికి సమ్మతించినట్టేనన్న వాక్యం సాధారణంగా ఉంటుంది. తర్వాత కౌంటరు దగ్గరికి వెళ్లి ‘నాకు తెలియదు’ అంటే, మెసేజ్ పంపిన తేదీని తెర మీద చూపిస్తారు.

సగటు నిల్వ లెక్క

నోటీసుల్లో ఎక్కువమంది జేబుకు తగిలేది కనీస నిల్వ మార్పే. అక్కడ మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. అది నెల సగటా, మూడు నెలల సగటా అన్నది కూడా చూడాలి. మూడు నెలల సగటైతే ఒక నెల తగ్గినా తర్వాతి నెలలో పూడ్చుకోవచ్చు. దాన్ని నెల సగటుగా మారిస్తే, మొత్తం పెంచకపోయినా షరతు బిగిసినట్టే.

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూలు టీచరు ఉన్నారనుకుందాం. ఆవిడది మామూలు సేవింగ్స్ ఖాతా. జూన్ 1 నుంచి నెల సగటు నిల్వ 5,000 నుంచి 10,000కు పెరుగుతుందని, తగ్గిన మొత్తం మీద 6 శాతం ఛార్జీ, దానిపై జీఎస్టీ ఉంటాయని ఏప్రిల్ నెలాఖరులో నోటీసు వచ్చింది. ఆవిడ జీతం 1వ తేదీన పడుతుంది. 5వ తేదీ వరకు ఖాతాలో 30,000 ఉంటుంది. 6న ఇంటి అద్దె, చిట్టీ, పిల్లల ఫీజు కట్టేశాక నెలాఖరు దాకా 2,000 మిగులుతుంది.

సగటు లెక్క కట్టడానికి బ్యాంకు ప్రతి రోజూ చివర్లో ఉన్న నిల్వలన్నీ కూడి, నెలలోని రోజులతో భాగిస్తుంది. ఆవిడ ఖాతాలో మొదటి 5 రోజులకు 1,50,000, మిగతా 25 రోజులకు 50,000, మొత్తం 2,00,000. దాన్ని 30తో భాగిస్తే సగటు సుమారు 6,667. పాత షరతుకు ఇది సరిపోయింది, ఆవిడకు ఎప్పుడూ ఛార్జీ పడలేదు. కొత్త షరతు ప్రకారం 3,333 తక్కువ. 6 శాతం అంటే 200, దానిపై 18 శాతం జీఎస్టీ 36, వెరసి నెలకు 236 రూపాయలు. ఏడాదికి 2,832. ఆవిడ అలవాట్లు ఏమాత్రం మారలేదు, మారింది బ్యాంకు షరతు ఒక్కటే.

దీనికి పరిష్కారం కూడా ఆ లెక్కలోనే ఉంది. సగటు 10,000 రావాలంటే రోజువారీ నిల్వల మొత్తం 3,00,000 కావాలి, అంటే ఇంకో లక్ష. నెలాఖరు దాకా 2,000 బదులు 6,000 ఉంచితే ఆ లక్ష వచ్చేస్తుంది. అంత కుదరకపోతే, 6న పోయే డబ్బులో 20,000 రూపాయల చెల్లింపులను 11వ తేదీకి జరుపుకున్నా చాలు. ఐదు రోజుల పాటు అదనంగా 20,000 నిలిచినా లక్షే అవుతుంది. ఆవిడ చేతినుంచి అదనంగా పైసా పోదు. కాకపోతే చిట్టీ కంపెనీతో, ఇంటి యజమానితో ఆ మాట మే నెలలోనే మాట్లాడుకోవాలి. జూన్ లెక్క జూన్ 1 రాత్రికే మొదలవుతుంది, ఛార్జీ మాత్రం జూన్ ముగిశాకే కనిపిస్తుంది. ఛార్జీ పడ్డాక మేలుకుంటే అప్పటికే ఒక నెల చేజారిపోయి ఉంటుంది.

ఇక్కడ ఖాతాదారుకు ఇంకో రక్షణ ఉంది. 2014 నవంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం నిల్వ తగ్గితే బ్యాంకు ముందు ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారును హెచ్చరించాలి. ఆ నోటీసు తేదీ నుంచి నెలలోగా నిల్వను సరిచేయకపోతేనే ఛార్జీ వేయాలి. ఛార్జీ కూడా తగ్గిన మొత్తానికి తగినట్టు ఉండాలి. కేవలం ఈ ఛార్జీ వల్ల నిల్వ మైనస్‌లోకి పోకూడదు. హెచ్చరిక లేకుండా ఛార్జీ పడినా, ఖాతా మైనస్‌లోకి వెళ్లినా గట్టిగా అడగవచ్చు.

ఎంత సర్దుకున్నా ఆ సగటు నిలబెట్టలేమనుకున్నవారు బేసిక్ సేవింగ్స్ ఖాతా అడగవచ్చు. దానికి కనీస నిల్వ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు డబ్బు ఉచితంగా తీసుకోవచ్చు. ఆ బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉంటే మాత్రం దాన్ని 30 రోజుల్లో మూసేయాలి. మరో దారి, కనీస నిల్వ ఛార్జీ లేని బ్యాంకుకు మారడం. స్టేట్ బ్యాంకు 2020లోనే ఈ ఛార్జీ ఎత్తేసింది. కెనరా, పీఎన్‌బీ, ఇండియన్ బ్యాంకు వంటివి 2025లో ఆ దారి పట్టాయి. మారేటప్పుడు పాత ఖాతాకు కట్టి ఉన్న ఈఎంఐలు, బీమా ప్రీమియంలు, ఆధార్ ద్వారా వచ్చే గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్ డబ్బులు కొత్త ఖాతాకు మారాయో లేదో చూసుకున్నాకే పాతది మూసేయాలి. లేకపోతే ఈఎంఐ తిరిగొచ్చి, తప్పించుకుందామనుకున్న ఛార్జీ కంటే ఎక్కువే కట్టాల్సి వస్తుంది.

ఏటీఎం ఛార్జీ

కొన్ని మార్పులకు ముందుగా చేయాల్సిన పనేమీ ఉండదు, అలవాటు మార్చుకుంటే సరిపోతుంది. 2025 మే 1 నుంచి ఉచిత పరిమితి దాటాక ఏటీఎంలో ఒక్కో లావాదేవీకి 23 రూపాయల దాకా, దానిపై పన్ను వసూలు చేయవచ్చని రిజర్వు బ్యాంకు అనుమతించింది. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు ఐదు లావాదేవీలు ఉచితం. వేరే బ్యాంకు ఏటీఎంలో అయితే హైదరాబాద్ లాంటి మెట్రోల్లో మూడే, విజయవాడ, వరంగల్ వంటి చోట్ల ఐదు. బ్యాలెన్స్ చూసుకోవడం కూడా ఈ లెక్కలోకే వస్తుందని చాలామందికి తెలియదు. ఆ పని ఫోన్‌లో చేసుకుంటే ఒక ఉచిత లావాదేవీ మిగులుతుంది. వాడని సేవల మీద, ఉదాహరణకు డిమాండ్ డ్రాఫ్టు మీదో డూప్లికేట్ పాస్‌బుక్ మీదో ఛార్జీ పెరిగితే చదివి వదిలేయవచ్చు.

క్రెడిట్ కార్డు

క్రెడిట్ కార్డు నోటీసుల్లో వార్షిక రుసుము మాఫీ షరతు మీద ఓ కన్నేయాలి. ‘ఏడాదికి లక్ష ఖర్చు పెడితే రుసుము లేదు’ అన్నది ‘రెండు లక్షలు’ అయిందనుకోండి, రుసుము పెంచకుండానే పెంచినట్టు. మన కార్డుకు ఏడాది ఎప్పుడు నిండుతుందో పాత స్టేట్‌మెంట్లలో చూసుకుంటే, కొత్త షరతు ఈ ఏడాది రుసుముకే తగులుతుందో వచ్చే ఏడాదికో తెలుస్తుంది.

మనకు నష్టం చేసే ఛార్జీ మార్పు వల్ల కార్డు వదులుకుంటే, బకాయిలు కట్టేసినంతవరకు బ్యాంకు అదనపు రుసుమేదీ అడగకూడదు. బకాయి లేకపోతే, విన్నపం అందిన ఏడు పని దినాల్లో కార్డును మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు బ్యాంకే కట్టాలి. ఇవి రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లోనివి. అయితే రివార్డు పాయింట్లు ముందే వాడుకోవాలి. ఇంకా బిల్లులోకి ఎక్కని ఖర్చులు, నడుస్తున్న ఈఎంఐలు తీర్చాలి. కార్డు మీద నెలనెలా పోయే కరెంటు బిల్లు, ఓటీటీ చందా లాంటివి వేరే చోటికి మార్చుకోవాలి. ఇవన్నీ ఒక్క పూటలో తెమిలేవి కావు, అందుకే నోటీసు వచ్చిన వారంలోనే మొదలుపెట్టాలి.

నోటీసు నిజమైనదేనా?

ఛార్జీలు మారుతున్నాయన్న వార్త బయటకు రాగానే మోసగాళ్ల మెసేజ్‌లూ మొదలవుతాయి. ‘కొత్త ఛార్జీ వద్దనుకుంటే ఈ లింకు నొక్కండి’ అంటారు, వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపుతారు. నిజమైన నోటీసు ఫలానా తేదీ నుంచి ఫలానా ఛార్జీ అని చెబుతుంది, అంతే. ఓటీపీ, పిన్, కార్డు నంబరు అడగదు. అనుమానం వస్తే లింకు నొక్కకుండా బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో సర్వీస్ ఛార్జీల పట్టిక చూడండి. బ్యాంకుల వెబ్‌సైట్లు .bank.in చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కాబట్టి చిరునామా చివర అది ఉందో లేదో గమనించండి.

నోటీసు ఇవ్వకుండానో గడువుకు ముందో ఛార్జీ వేస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు నంబరు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ పనికొచ్చే సాక్ష్యం ఆ నోటీసే. అందుకే బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌ను చదవగానే చెరిపేయకుండా, కనీసం ఛార్జీ పడిన స్టేట్‌మెంటు చేతికొచ్చే దాకా ఉంచుకోండి.