బోనస్‌ను వదిలేసినా పర్వాలేదు, రైట్స్‌ను వదలొద్దు

బోనస్ షేర్లంటే కంపెనీ ఊరికే ఇచ్చే కానుక అని చాలామంది అనుకుంటారు. నిజానికి కంపెనీ తన రిజర్వుల్లో ఉన్న సొమ్మును వాటా మూలధనం ఖాతాలోకి మారుస్తుంది, అంతే. బయటి నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. 2024 అక్టోబరులో రిలయన్స్ ఇండస్ట్రీస్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. షేర్ల సంఖ్య రెట్టింపైంది, ఒక్కో షేరు ధర దాదాపు సగమైంది. ఒక రొట్టెను నాలుగు ముక్కలకు బదులు ఎనిమిది చేసినట్టే. ధర తగ్గిన రోజుకీ, కొత్త షేర్లు డీమ్యాట్‌లో జమయ్యే రోజుకీ మధ్య మాత్రం ఖాతాలో సగం డబ్బు పోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడి అమ్ముకోవద్దు.

రైట్స్ ఇష్యూ అలా కాదు. ఇక్కడ కంపెనీ ఉన్న వాటాదారులనే డబ్బు అడుగుతుంది, బదులుగా మార్కెట్ కంటే తక్కువ ధరకు కొత్త షేర్లిస్తుంది.

మీ దగ్గర 100 షేర్లున్నాయనుకోండి. ధర 200 రూపాయలు, అంటే మీ ఆస్తి 20,000. ప్రతి నాలుగు షేర్లకు ఒకటి చొప్పున, 150 రూపాయలకు రైట్స్ ప్రకటించారు. నాలుగు పాత షేర్లు 800, కొత్తది 150, మొత్తం 950. ఐదుతో భాగిస్తే 190. లెక్క ప్రకారం షేరు ధర అక్కడికి దిగాలి.

మీకు 25 హక్కులు వస్తాయి. వాటితో మూడు దారులున్నాయి. 3,750 కట్టి షేర్లు తీసుకుంటే చేతిలో 125 షేర్లు, విలువ 23,750. అందులో మీరు కొత్తగా పెట్టింది తీసేస్తే పాత 20,000 చెక్కుచెదరలేదు. కంపెనీలో మీ వాటా శాతమూ తగ్గదు. డబ్బు లేకపోతే హక్కులనే అమ్ముకోవచ్చు. ఒక్కోదాని విలువ సుమారు 40 రూపాయలు, మొత్తం వెయ్యి. 100 షేర్ల విలువ 19,000 అయినా ఈ వెయ్యితో లెక్క సరిపోతుంది. వాటా శాతం మాత్రం తగ్గుతుంది: మునుపు ఒక శాతం ఉంటే 0.8 శాతమవుతుంది.

మూడోది, ఏమీ చేయకపోవడం. అప్పుడు హక్కులు మురిగిపోతాయి, వెయ్యి రూపాయలు నష్టం.

హక్కులు మీ డీమ్యాట్ ఖాతాలోనే ‘ఆర్ఈ’ అనే పేరుతో జమవుతాయి. 2020లో రిలయన్స్ 53,124 కోట్ల రైట్స్ ఇష్యూ జూన్ 3న ముగిసింది. ఆర్ఈల కొనుగోళ్లు, అమ్మకాలు మాత్రం మే 29నే ఆగిపోయాయి. ఆఖరి రోజు దాకా ఆగితే అమ్మే దారి మూసుకుపోయినట్టే. మార్కెట్లో ఆర్ఈలు కొన్నవారు కూడా గడువులోగా దరఖాస్తు చేయకపోతే పెట్టిన సొమ్ము పోగొట్టుకుంటారు.

మార్కెట్ ధర రైట్స్ ధర కంటే కిందికి పడితే ఆ హక్కుకు విలువ ఉండదు, అప్పుడు వదిలేయడమే మేలు. అందుకే రైట్స్ సమాచారం రాగానే రెండు తేదీలు రాసిపెట్టుకోండి: ఆర్ఈలు అమ్ముకునేందుకు చివరి రోజు, దరఖాస్తుకు చివరి రోజు.